ముప్పై లక్షలు ఒకే స్టార్టప్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో రేడియాలజిస్టుని. వయసు 47. ఏడాదికి కోటీ పది లక్షల ఆదాయం ఉంది. ఇల్లు కాక డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి ఆరు కోట్ల వరకు ఉంటాయి, అప్పులు లేవు. మా ఆడపడుచు కొడుకు ఆసుపత్రుల్లో స్కానింగ్ రిపోర్టులు నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్నాయి, కంపెనీ విలువ 40 కోట్లు అంటున్నాడు, నన్ను 30 లక్షలు పెట్టమంటున్నాడు. ఇంకోవైపు 50 వేలతోనే స్టార్టప్‌లో వాటా కొనవచ్చని వాట్సాప్‌లో ఒక వెబ్‌సైట్ లింకు వచ్చింది. ఇలాంటి కంపెనీల్లో ఎక్కువ భాగం మునుగుతాయని నాకు తెలుసు, మునిగినా తట్టుకోగలను. ఎంత పెట్టాలి, ఎన్నింటిలో పెట్టాలి, ఏ దారిలో పెట్టాలి? — ఒక డాక్టర్, హైదరాబాద్

జవాబు:

డాక్టర్ గారికి,

నష్టాన్ని తట్టుకోగలరా లేదా అన్నది ఈ లెక్కలో సగమే. మునిగినవన్నీ పోగా మిగిలిన ఒకటి రెండు కంపెనీలు ఎంత తెచ్చిపెడితే మొత్తం పెట్టుబడికి న్యాయం జరుగుతుందన్నది రెండో సగం. చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. నేను రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు అందులోంచే వస్తుంది.

మీ ఆర్థిక ఆస్తుల్లో పదో వంతు, అంటే 60 లక్షలు, ఈ పనికి కేటాయించారని అనుకుందాం. అంతకు మించి కేటాయించమని నేను చెప్పను. అందులో 15 లక్షలు పక్కన ఉంచి, 45 లక్షలను మూడేసి లక్షల చొప్పున పదిహేను కంపెనీల్లో పెట్టారనుకోండి. తొమ్మిది కంపెనీలు పూర్తిగా పోయాయి. మూడింటిలో ఒకటి సగం డబ్బు, రెండు అసలు మాత్రం తిరిగి ఇచ్చాయి, అంటే ఏడున్నర లక్షలు. రెండు కంపెనీలు మూడు రెట్లు ఇచ్చాయి, అంటే 18 లక్షలు. ఈ పద్నాలుగు కంపెనీల నుంచి మీ చేతికి వచ్చింది ఇరవై ఐదున్నర లక్షలు. అదే 45 లక్షలు ఏడు శాతం చక్రవడ్డీతో పదేళ్లు బ్యాంకులో ఉంటే, పన్ను సంగతి పక్కన పెడితే, 88 లక్షలు దాటేవి. అంటే మిగిలిన ఆ ఒక్క పదిహేనో కంపెనీ, మీరు పెట్టిన మూడు లక్షలకు 63 లక్షలు, అంటే ఇరవై ఒక్క రెట్లు ఇస్తేనే మీరు బ్యాంకు డిపాజిట్‌తో సమానం అవుతారు. ఇండెక్స్ ఫండ్ ఏటా పన్నెండు శాతం ఇస్తుందని లెక్క వేసుకుంటే దానితో సమానం కావడానికి ముప్పై ఎనిమిది రెట్లు కావాలి. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే, మీ అనుభవంలో తొమ్మిదికి బదులు పది పోవచ్చు, ఏడు పోవచ్చు. కానీ అంకెలు ఎటు మార్చినా లెక్క స్వభావం మారదు.

ఈ స్వభావం ఊహ కాదనడానికి ఆధారం ఉంది. 2007లో రాబర్ట్ విల్ట్‌బ్యాంక్, వారెన్ బోకర్ అమెరికాలో ఏంజెల్ బృందాలకు, అంటే కొత్త కంపెనీల్లో తొలి దశలోనే సొంత డబ్బు పెట్టేవారి బృందాలకు, చెందిన 539 మంది పెట్టుబడిదారులు బయటపడిన 1,137 పెట్టుబడుల ఫలితాలను పరిశీలించారు. వాటిలో 52 శాతం పెట్టిన దానికంటే తక్కువే తెచ్చాయి. పది రెట్లకు మించి తెచ్చినవి 7 శాతమే అయినా, మొత్తం తిరిగి వచ్చిన డబ్బులో 75 శాతం వాటి నుంచే వచ్చింది. వివరాలు ఇచ్చినవారు స్వచ్ఛందంగా ఇచ్చారు కాబట్టి, బాగా నష్టపోయినవారు మౌనంగా ఉండి ఉంటారని, అసలు చిత్రం ఇంతకంటే కొంత మసకగానే ఉంటుందని నేను భావిస్తాను. అమెరికాలో కంపెనీలను కొనేవారు ఎక్కువ కాబట్టి అక్కడి సగటు రాబడిని మన దగ్గర ఆశించకూడదు.

ఎన్ని కంపెనీలన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఇరవైలో ఒకటి మాత్రమే నిజంగా పెద్దదవుతుందని అనుకుంటే, ఒకే కంపెనీలో పెట్టినవారికి అది తగిలే అవకాశం 5 శాతం, ఐదింటిలో పెట్టినవారికి 23 శాతం, పదిహేనింటిలో పెట్టినవారికి 54 శాతం. పదిహేను దగ్గర కూడా దాదాపు సగం మందికి పెద్ద విజయం దొరకదని గమనించండి. అందువల్ల మూడు నాలుగు కంపెనీలతో ఆపేసే ఉద్దేశం ఉన్నవారు అసలు మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. పదిహేనూ ఒకే ఏడాదిలో కొనవద్దు. ఏడాదికి మూడు నాలుగు చొప్పున నాలుగైదేళ్లలో కొంటే, మార్కెట్ ఉత్సాహంలో ఉన్న ఒకే ఏడాది ధరలకు మీ డబ్బంతా చిక్కుకోకుండా ఉంటుంది, రెండో ఏడాదికి మీకు ప్రశ్నలు అడగడం కూడా అలవాటవుతుంది.

ఇక అసలైన విషయం, కొనే ధర. ఇరవై ఒక్క రెట్లు కావాలంటే కంపెనీ విలువ ఇరవై ఒక్క రెట్లు పెరిగితే చాలదు, ఎందుకంటే దారిలో మీ వాటా తగ్గుతూ వస్తుంది. ఒక కంపెనీ 10 కోట్ల విలువ దగ్గర, కొత్త డబ్బు కూడా కలిపిన లెక్కలో, మీ మూడు లక్షలు తీసుకుందనుకోండి. మీ వాటా 0.3 శాతం. తరువాత ఉద్యోగులకు షేర్లు ఇవ్వడానికి పది శాతం పక్కన పెడతారు. ఆ తరువాత ఒక వెంచర్ ఫండ్ 6 కోట్లు పెట్టి ఇరవై శాతం తీసుకుంటుంది. మరో రెండేళ్లకు ఇంకో ఫండ్ 40 కోట్లు పెట్టి మరో ఇరవై శాతం తీసుకుంటుంది. ఇదంతా కంపెనీ బాగా నడుస్తున్నప్పటి మాట. అప్పటికి మీ వాటా 0.3 నుంచి 0.173 శాతానికి దిగింది, అంటే మొదట కొన్న దానిలో 57.6 శాతం మిగిలింది. ఈ లెక్కన 10 కోట్ల దగ్గర కొన్నవారికి ఇరవై ఒక్క రెట్లు రావాలంటే కంపెనీ సుమారు 365 కోట్లకు అమ్ముడుపోవాలి. 40 కోట్ల దగ్గర కొన్నవారికి అదే ఫలితం రావాలంటే అది దాదాపు 1,460 కోట్లకు అమ్ముడుపోవాలి. ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్న కంపెనీకి 40 కోట్లంటే అమ్మకాలకు అరవై ఆరు రెట్లకు పైన. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే వ్యాపారంలో 1,460 కోట్ల దాకా వెళ్లే మార్గం ఏమిటో మీ మేనల్లుడు కాగితం మీద చూపించగలగాలి. ఎన్ని ఆసుపత్రులు, ఒక్కొక్కటి ఏడాదికి ఎంత చెల్లిస్తుంది, ఆ సంఖ్య మన దేశంలో సాధ్యమా అన్న మూడు ప్రశ్నలు చాలు. ఆయన వాల్యుయేషన్ నివేదిక చూపించవచ్చు. కొత్త షేర్లు జారీ చేయడానికి రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక చట్టప్రకారం ఉండవలసిందే, కానీ అది చాలాసార్లు వ్యవస్థాపకులే ఇచ్చిన రాబోయే ఏళ్ల అంచనాల మీద కట్టిన విలువ. ఆ అంచనాలు నిజమవుతాయని అది హామీ ఇవ్వదు.

వాటా తగ్గడం కంటే ఎక్కువ మందిని ఆశ్చర్యపరిచేది మరొకటి ఉంది. పై ఉదాహరణలో రెండో ఫండ్ డబ్బు పెట్టిననాడు కంపెనీ విలువ 200 కోట్లు. ఆ లెక్కన మీ మూడు లక్షలు ముప్పై నాలుగున్నర లక్షలైనట్టు కాగితం మీద కనిపిస్తుంది. మూడేళ్ల తరువాత వ్యాపారం మందగించి కంపెనీ 80 కోట్లకు అమ్ముడుపోయిందనుకోండి. ఆ ఫండ్ తీసుకున్నవి మామూలు షేర్లు కావు, అమ్మకం జరిగినప్పుడు తన 40 కోట్లు ముందుగా వెనక్కి తీసుకునే హక్కున్న ప్రిఫరెన్స్ షేర్లు. వాటాగా అయితే దానికి 16 కోట్లే వస్తాయి కాబట్టి అది ఆ హక్కునే వాడుకుంటుంది. మిగిలిన 40 కోట్లను మిగతా ఎనభై శాతం వాటాదారులు పంచుకుంటారు, అందులో మీకు వచ్చేది 8 లక్షల 64 వేలు. పన్నుకు ముందు అది మూడు రెట్లకు కొంచెం తక్కువ, ఎనిమిదేళ్ల మీద చూస్తే ఏటా పద్నాలుగు శాతం. అది చెడ్డ ఫలితం కాదు, కానీ మునిగిన తొమ్మిది కంపెనీల భారాన్ని మోయగలిగే ఫలితం మాత్రం కాదు. కంపెనీ విలువ పెరిగిందన్న వార్త వచ్చినప్పుడు మీ లాభాన్ని ఆ విలువ మీద లెక్క కట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఈ కారణంగా షేర్లు తీసుకునేటప్పుడు వాటి పేరు చూడండి. మామూలు ఈక్విటీ షేర్లు ఇస్తామంటే, అమ్మకంలో అందరికంటే చివర మీరే ఉంటారు. తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, వ్యవహారంలో సీసీపీఎస్ అనేవి, అడగండి. కంపెనీ మళ్లీ డబ్బు సేకరించే తరువాతి రౌండ్‌లో మీ వాటా నిలబెట్టుకునేంత కొనే హక్కు, వ్యవస్థాపకులు తమ షేర్లు అమ్ముకుంటే అదే ధరకు మీవీ అమ్మే హక్కు, మూడు నెలలకోసారి లెక్కలు చూసే హక్కు ఒప్పందంలో ఉండాలి. మూడు లక్షలు పెట్టేవారు ఒంటరిగా అడిగితే ఇవేవీ రావు. పదిమందితో కలిసి, ముందుండి బేరమాడే అనుభవజ్ఞుడితో వెళ్తే వస్తాయి. దారి గురించి మీరు అడిగిన ప్రశ్నకు ఇక్కడే జవాబు మొదలవుతుంది.

వాట్సాప్ లింకును వదిలేయండి. అమెరికాలో 2016 నుంచి ఇంటర్నెట్ వేదికల మీద సామాన్య ప్రజలకు చిన్న కంపెనీలు వాటాలు అమ్ముకోవడానికి చట్టం అనుమతిస్తోంది కాబట్టి అక్కడి బంధువులు దాని గురించి చెప్పి ఉండవచ్చు. మన దేశంలో అలాంటి అనుమతి లేదు. ప్రైవేటు కంపెనీ షేర్లను బహిరంగంగా ప్రకటించి ప్రజలకు అమ్మకూడదు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం పేరుపేరునా ఎంపిక చేసిన వ్యక్తులకే ఇవ్వాలి, అదీ ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కో రకం షేర్లకు 200 మందికి మించకూడదు. అనుమతి లేని ఎలక్ట్రానిక్ వేదికల గురించి సెబీ 2016లోనే మదుపరులను హెచ్చరించింది. ముక్కూ మొహం తెలియనివారికి వాట్సాప్‌లో పంచే లింకు ఈ నిబంధనలకు ఎలా సరిపోతుందో దాన్ని నడిపేవారే చెప్పాలి. 50 వేలు చిన్న మొత్తమే, కానీ రేపు ఆ షేర్లు మీ పేరు మీద ఉన్నాయో లేదో తేలకపోతే ఫిర్యాదు చేయడానికి కూడా గట్టి ఆధారం ఉండదు.

చట్టబద్ధమైన దారులు మీకు రెండు ఉన్నాయి. ఒకటి సెబీ వద్ద నమోదైన ఏంజెల్ ఫండ్. 2025 సెప్టెంబరులో వచ్చిన మార్పుల తరువాత వీటిలోకి అక్రెడిటెడ్ ఇన్వెస్టర్‌గా గుర్తింపు ఉన్నవారినే తీసుకుంటారు. ఏడాదికి కోటి రూపాయల ఆదాయం, ఐదు కోట్ల నికర ఆస్తి, అందులో కనీసం సగం ఆర్థిక ఆస్తులు ఉండటం ఆ అర్హతల్లో ఒకటి కాబట్టి మీకు ఆ గుర్తింపు దొరకాలి. దానికి ఆదాయపు పన్ను రిటర్నులు, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే నికర ఆస్తి ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఫండ్‌లో చేరాక ఏ కంపెనీలో పెట్టాలో మీరే ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు. ఒప్పందాల బేరం, కాగితాల పని ఫండ్ చూసుకుంటుంది, అందుకు ఫీజు, లాభంలో వాటా తీసుకుంటుంది. ఆ రెండూ ఎంతో ముందే అడిగి, పై లెక్కలో కలుపుకోండి. పదిహేను కంపెనీల పద్ధతికి నేను ఈ దారినే సూచిస్తాను.

రెండోది నేరుగా కంపెనీలో పెట్టడం, మీ మేనల్లుడి విషయంలో జరగబోయేది అదే. ఇందులో వరస తప్పితే వెంటనే పసిగట్టవచ్చు. ముందు మీ పేరు మీద పీఏఎస్-4 అనే ఆఫర్ పత్రం రావాలి. డబ్బు మీ ఖాతా నుంచి కంపెనీ విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి, నగదుగానో వ్యవస్థాపకుడి సొంత ఖాతాకో పోకూడదు. అరవై రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన పదిహేను రోజుల్లో పీఏఎస్-3 అనే రిటర్న్ కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి, అది దాఖలయ్యే వరకు మీ డబ్బును కంపెనీ వాడకూడదు. డబ్బు ముందు పంపండి, కాగితాలు తరువాత చూసుకుందాం అన్న మాట బంధువుల మధ్యే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట విన్న చోట ఆగిపోండి. పాత ఏళ్ల ఖాతాలు, వార్షిక రిటర్నులు సమయానికి దాఖలయ్యాయో లేదో కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొద్ది రుసుము కట్టి చూడవచ్చు. అవి సమయానికి దాఖలు చేయని కంపెనీ మీకు మూడు నెలలకోసారి లెక్కలు పంపుతుందని నేను నమ్మను.

కంపెనీ మంచిదా కాదా అన్నది తేల్చడంలో మీకు నాకు లేని బలం ఉంది, ఆ రంగం మీది. పైన చెప్పిన అధ్యయనంలోనే ఇరవై గంటలకు మించి విచారించి పెట్టిన పెట్టుబడులు అంతకంటే తక్కువ విచారించిన వాటికంటే బాగా ఎక్కువ రాబడి ఇచ్చాయి. ఆ గంటలను ఇలా ఖర్చు పెట్టండి. ఆ 60 లక్షల అమ్మకాలు ఏయే ఆసుపత్రుల నుంచి వచ్చాయో జాబితా తీసుకుని, మేనల్లుడు సూచించని నాలుగైదు చోట్ల రేడియాలజీ విభాగంలో మీరే మాట్లాడండి. సాఫ్ట్‌వేర్‌ను రోజూ వాడుతున్నారా, ఉచిత ట్రయల్‌లో ఉన్నారా, డబ్బు కట్టారా, గడువు ముగిశాక మళ్లీ కొన్నారా అని అడగండి. తరువాత కంపెనీ జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలను బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని జమలతో పక్కపక్కన పెట్టి చూడండి. ఒప్పందాలు కుదిరిన మొత్తాన్నే అమ్మకాలుగా చెప్పడం ఈ దశ కంపెనీల్లో మామూలు, చేతికొచ్చిన డబ్బు అందులో సగమే ఉండవచ్చు. నెల ఖర్చెంత, బ్యాంకులో ఉన్నది ఎన్ని నెలలకు సరిపోతుందో కూడా అక్కడే తెలుస్తుంది. మీరు పనిచేసే ఆసుపత్రికి ఈ సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచన ఉంటే, మీకు వాటా ఉన్న విషయం యాజమాన్యానికి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇవన్నీ సరిగా ఉన్నా 30 లక్షలు ఇవ్వవద్దు. మీ మొత్తం కేటాయింపులో సగాన్ని ఇరవైలో ఒక వంతు అవకాశం మీద పెట్టడం అవుతుంది. ధర తగ్గి, షేర్ల రకం సరైనదైతే ఆయన కంపెనీ మీ పదిహేనింటిలో ఒకటిగా మూడు లక్షలకు చేరవచ్చు. కుటుంబంలో మొహమాటం ఎంతటిదో నాకు తెలుసు, ఆడపడుచు దగ్గర కాదనడం తేలిక కాదు. మేనల్లుడికి అంతకు మించి సాయపడాలని మీకు నిజంగా ఉంటే, తిరిగి రాదనుకుని ఇవ్వగలిగినంత మీ దంపతులిద్దరూ కలిసి నిర్ణయించుకుని కానుకగా ఇవ్వండి, దాన్ని ఈ 60 లక్షల్లో కలపవద్దు. పెట్టుబడి పేరుతో ఇచ్చిన సాయానికి రెండేళ్లకు ఇంకో విడత అడుగుతారు, అప్పుడు కాదనడం ఇప్పటికంటే కష్టం.

పక్కన ఉంచిన 15 లక్షల గురించి కూడా ఇదే జాగ్రత్త. కంపెనీ డబ్బు అయిపోతున్నప్పుడు పాత పెట్టుబడిదారులనే మళ్లీ అడుగుతుంది, ఇప్పుడు పెట్టకపోతే పాతదీ పోతుందన్న వాదన వస్తుంది. పోయే డబ్బును కాపాడటానికి కొత్త డబ్బు పెట్టవద్దు. బయటి ఫండ్ ఒకటి కొత్తగా వచ్చి, తన డబ్బుతో ధర నిర్ణయించి, ఆ రౌండ్‌కు ముందుండి నడిపిస్తున్నప్పుడు మాత్రమే, అదీ రెండు మూడు కంపెనీల్లోనే, ఈ నిల్వను వాడండి. విల్ట్‌బ్యాంక్ అధ్యయనంలో కూడా అదే కంపెనీలో మళ్లీ డబ్బు పెట్టిన సందర్భాల్లో రాబడి తక్కువగా కనిపించింది.

చివరగా పన్ను. మీరు ఏడాది చివర షేర్లను సున్నాగా భావించినంత మాత్రాన ఆదాయపు పన్ను లెక్కలో నష్టం రాదు. కంపెనీ చాలాసార్లు అధికారికంగా మూతపడదు, అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆఫీసు ఖాళీ అవుతుంది, రిజిస్ట్రార్ రికార్డులో మాత్రం బతికే ఉంటుంది. షేర్లు అమ్మడమో, కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లడమో జరిగితే తప్ప నష్టం చూపలేరు. ఇరవై నాలుగు నెలలు దాటాక వచ్చిన నష్టాన్ని దీర్ఘకాల మూలధన లాభాలతోనే సర్దుబాటు చేసుకోవాలి, రిటర్న్ గడువులోగా దాఖలు చేస్తేనే దాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. మీకు మ్యూచువల్ ఫండ్లలో లాభాలున్నాయి కాబట్టి ఇది మీకు నిజంగా పనికొచ్చే విషయం. అందువల్ల కంపెనీ ఆగిపోయిందని నిర్ధారణ అయిన ఏడాదే, ఆ షేర్లను నామమాత్రపు ధరకు కొనేవారు ఉంటారేమో వ్యవస్థాపకులను అడిగి, ఆ రోజు నాటికి షేర్ల విలువ ఎంతో తెలిపే నివేదిక తీసుకుని, బదిలీ పూర్తి చేయించండి. నివేదిక లేకుండా మరీ తక్కువ ధరకు బదిలీ చేస్తే, అసలు విలువ ఇంకా ఎక్కువని పన్ను అధికారి లెక్క కట్టే వీలుంది. లిస్ట్ కాని షేర్లు ఉన్నవారు ఐటీఆర్-1 దాఖలు చేయకూడదు, ప్రతి ఏటా రిటర్నులో ఆ షేర్ల వివరాలు చూపాలి. మొదటి కంపెనీలో డబ్బు పెట్టిన ఏడాదే మీ ఆడిటర్‌కు ఈ విషయం చెప్పి, ఒక్కో కంపెనీ కొన్న తేదీ, ధర, షేర్ల రకం, ఒప్పందం ప్రతి ఒకేచోట ఉంచమనండి.